కట్టె లెక్క పెంకుతో మొదలు

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డు పక్కన ఎక్కువగా ఇనుప ట్రస్సుల మీద రేకుల షెడ్లే కనిపిస్తాయి. అయినా తోటలో చిన్న గదికి కట్టె వాసాలు, మంగళూరు పెంకు కావాలనేవాళ్లు ఉన్నారు. టింబర్ డిపోకు వెళ్లేముందు వాళ్లు గది వైశాల్యం చూసుకుంటారు. నేను మాత్రం ముందు పెంకును కొలవమంటాను.

12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న గదిని తీసుకుందాం. నడికొప్పు గోడ కంటే 3.5 అడుగులు ఎత్తు. సగం వెడల్పు 6 అడుగులు, చూరు బయటికి ఒకటిన్నర, మొత్తం ఏడున్నర. ఇది నేల మీది కొలత. వాలు వెంట కొలిస్తే 8 అడుగుల 8 అంగుళాలు వస్తుంది. నేల కొలత నమ్మి 8 అడుగుల కట్టె తెస్తే చూరు దగ్గర 8 అంగుళాలు తగ్గుతుంది. 9 అడుగులదే కొనాలి.

రెండు వైపులా ఒక్కో అడుగు బయటికి వదిలితే కప్పు పొడవు 17 అడుగులు, అంటే 204 అంగుళాలు. వాసాల మధ్య ఎడం 18 అంగుళాలు దాటకూడదనుకుంటే 11 ఖాళీలు చాలవు, 12 కావాలి. అప్పుడు ఎడం సరిగ్గా 17 అంగుళాలు. 12 ఖాళీలకు వాసాలు 13, రెండు వాలులకు 26. ఖాళీలనే వాసాలుగా లెక్కేస్తే చివర ఒక్కొక్కటి తక్కువ పడుతుంది.

రీపర్ల ఎడాన్ని మాత్రం మనం నిర్ణయించలేం, పెంకే నిర్ణయిస్తుంది. 11 పెంకులను ఒకదానికొకటి తగిలించి నేల మీద పరిచి, మొదటి పెంకు కొక్కెం నుంచి చివరి పెంకు కొక్కెం దాకా కొలుస్తాను. ఒకసారి లాగి, ఒకసారి దగ్గరికి నెట్టి, సగటును 10తో భాగిస్తాను. అది 12.5 అంగుళాలు అనుకుందాం. చూరు దగ్గర పెంకు 2 అంగుళాలు బయటికి రావాలంటే మొదటి రీపరు వాసం కొస నుంచి సుమారు 13 అంగుళాల పైన పడుతుంది. అక్కడి నుంచి కొప్పు దాకా 7 ఖాళీలు పోగా సుమారు మూడున్నర అంగుళాలు మిగులుతాయి. ఎనిమిదో ఖాళీ ఇరికిస్తే పెంకులు కూర్చోవు. అందుకే వాసం కొసనే ఆ మూడున్నర అంగుళాలు కోస్తాను. వాలుకు 8 రీపర్లు, కొసన చూరు రీపరు ఒకటి. మొత్తం 18 వరుసలు.

17 అడుగుల రీపరు ఒక్క ముక్కలో దొరకడం కష్టం. అతుకు వాసం మీదే పడాలి. అన్నీ ఒకే వాసం మీద పడితే అది బలహీనమవుతుంది. అందుకే ఒక వరుసలో 7 ఖాళీలు ముందు, తర్వాత 5. పై వరుసలో తిరగేసి. దీనికి 10 అడుగులవి 18, 8 అడుగులవి 18 చాలు. రీపర్లకు ప్యాలెట్ పలకలు వాడదామంటే అవి 1.2 మీటర్లే, అంటే 47 అంగుళాలు. 17 అంగుళాల ఎడంలో రెండు ఖాళీలే దాటి 13 అంగుళాలు వృథా. అవే వాడాలంటే ఎడాన్ని 15.5కు తగ్గించి, వాసాలు పెంచాలి.

2×4 వాసాలు 13 సీఎఫ్‌టీ, 2×1 రీపర్లు నాలుగున్నర. దూలం లెక్క వేరు. బట్టీ మారితే పెంకు కొలతా మారుతుంది. కాబట్టి పెంకు దిగాకే రీపరుకు మేకు కొట్టాలి.