గ్రాముకు పైన ఎంత?

సిద్దిపేటలో పెళ్లి బంగారం కొనే కుటుంబానికి మూడు బజార్లు అందుబాటులో ఉంటాయి. ఊళ్లోని కొట్లు ఒకటి. రాజీవ్ రహదారి మీద ఒక దిక్కు పోతే హైదరాబాద్, ఇంకో దిక్కు పోతే కరీంనగర్. ఎక్కడ అడిగినా మొదట వినబడే ప్రశ్న ఒకటే: ‘తరుగు ఎంత?’ ఒకరు 14 శాతం అంటారు, ఇంకొకరు 8 శాతం అంటారు, ఇంకొకరు అసలు తరుగే లేదంటారు. ఆ మూడు మాటల్ని పక్కపక్కన పెట్టి, తక్కువ అంకె చెప్పిన కొట్టే చవక అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఈ అలవాటు మానుకోవాలని నేను అనడానికి కారణం ఉంది. తరుగు, మజూరి అని బిల్లులో విడివిడిగా రాసేవి రెండూ ఒకే ధరలోని ముక్కలు. ఆ ధరను ఎక్కడ ఎంత ముక్క చేసుకోవాలన్నది కొట్టు ఇష్టం. అందుకని ముక్కల్ని పోల్చితే ఏమీ తేలదు. నగలో ఉన్న అసలు బంగారం విలువ తీసేశాక, పన్నుకు ముందు, మిగిలేదంతా కలిపి గ్రాముకు ఎంత పడుతుందో చూడాలి.

తరుగు అన్నది పుట్టుకతో అబద్ధం కాదు. బంగారం కరిగించినప్పుడు, తీగ లాగినప్పుడు, టంకం పెట్టినప్పుడు, ఆకురాయితో రాకినప్పుడు, మెరుగు పెట్టినప్పుడు కొంత లోహం పొడిగా రాలుతుంది. ఇంటి బంగారం అవుసలి చేతికిచ్చి నగ చేయించుకునే రోజుల్లో, ఇచ్చిన తూకానికీ తిరిగొచ్చిన తూకానికీ నడుమ తేడాను లెక్క చూసుకునే మాట అది. అయితే రాలిన పొడి అంతా పోయేది కాదు. కుంపటి దగ్గరి బూడిదనూ, పని జరిగిన చోటి మట్టినీ కూడబెట్టి, కడిగి, బంగారం తిరిగి రాబడతారు. అలా రాబట్టడమే ఒక బతుకుతెరువుగా ఉన్నవాళ్లున్నారు. చివరికి ఎంత వెతికినా దొరకని లోహం, బిల్లులో రాసే శాతంలో చిన్న వాటా మాత్రమే. యంత్రం మీద అల్లిన గొలుసుకైతే అది మరీ స్వల్పం. మిగతా శాతమంతా పనివాడి కూలి, కొట్టు అద్దె, నౌకర్ల జీతాలు, ప్రకటనలు, లాభం. వీటిలో ఏదీ అక్రమం కాదు. కాకపోతే వీటికి లోహనష్టం అనే ముసుగు తొడిగినంత కాలం బేరమాడడానికి కొనేవాడు మొహమాటపడతాడు. పోయిన బంగారానికి ఎవరేం చేస్తారు అనుకుంటాడు.

ఒక లెక్క వేసి చూద్దాం. లాకెట్టుతో కలిపి 24 గ్రాములు తూగే నల్లపూసల దండ అనుకుందాం. పూసలూ రాళ్లూ 4 గ్రాములు, అసలు బంగారం 20 గ్రాములు, అంటే బజారు లెక్కలో రెండు తులాలు. (పాత తులం 11.66 గ్రాములు. ఇంట్లో పెద్దలు ‘అప్పట్లో రెండు తులాలు’ అన్నప్పుడు అది ఇప్పటి రెండు తులాల కంటే మూడు గ్రాములకు పైగా ఎక్కువని గుర్తుంచుకోవాలి.) లెక్క సులువుగా ఉండడానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము పది వేలు అనుకుంటే, దండలోని బంగారం విలువ 2,00,000 రూపాయలు. మొదటి కొట్టు 14 శాతం తరుగు, మజూరి లేదంటుంది. 2.8 గ్రాముల విలువ, అంటే 28,000 కలుస్తుంది. గ్రాముకు పైన 1,400 అన్నమాట. రెండో కొట్టు 8 శాతం తరుగు, గ్రాముకు 500 మజూరి అంటుంది. తరుగు 16,000, మజూరి 10,000, కలిపి 26,000. గ్రాముకు పైన 1,300. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. మజూరిని 20 గ్రాముల మీద కాక, తరుగు కలిపిన 21.6 గ్రాముల మీద వేస్తే అది 10,800 అవుతుంది. ఏ తూకం మీద వేస్తున్నారని అడగందే తెలియదు.

మూడో కొట్టు బోర్డు మీద ‘తరుగు లేదు’ అని ఉంటుంది. మజూరి గ్రాముకు 900 మాత్రమే. వినగానే అన్నిటికంటే చవకగా తోస్తుంది. కానీ ఆ కొట్లో ఆ రోజు గ్రాము రేటు 10,200 రాశారనుకోండి. పూసలకూ రాళ్లకూ 4 గ్రాములు తీయాల్సిన చోట 3.4 గ్రాములే తీశారనుకోండి. అప్పుడు బిల్లు 20.6 గ్రాములకు పడుతుంది. బంగారం కింద 2,10,120, మజూరి కింద 18,540, మొత్తం 2,28,660. అదే దండకు మొదటి కొట్టు అడిగింది 2,28,000. తరుగే లేదన్న కొట్టు మూడింటిలోకీ ఖరీదైనదిగా తేలింది. పైన పడే సొమ్ము గ్రాముకు 1,433. ఇందులో రేటులో దాగింది నాలుగు వేలకు పైమాటే, పూసల తూకంలో దాగింది ఆరు వేలకు పైమాటే. నల్లపూసలు, రాళ్లు, లక్క, మీనా ఉన్న నగల్లో ఈ రెండో దారి మామూలు గొలుసులో కంటే సులువు. అందుకే మొత్తం తూకం, తీసేసిన తూకం, అసలు బంగారం తూకం అని మూడు అంకెలూ చీటీ మీద విడివిడిగా ఉండాలి. హాల్‌మార్క్ నగ అమ్మినప్పుడు అసలు లోహం తూకం, క్యారెట్, నాణ్యత, హాల్‌మార్క్ రుసుము బిల్లులో చూపాలన్నది భారత ప్రమాణాల సంస్థ నిబంధన కూడా. ఆ రుసుము నగకు 45 రూపాయలు, దాని మీద పన్ను. అంతకు మించి వందల్లో రాస్తే అది కూడా ‘పైన’ లెక్కలోకే పోవాలి.

ఇదే పద్ధతితో తగ్గింపుల బలమూ తెలుస్తుంది. రెండో కొట్టు పండుగకు మజూరిలో సగం తగ్గిస్తానంటే బోర్డు మీద 50 శాతం కనబడుతుంది. తగ్గేది 5,000. పైన పడే 26,000లో అది ఐదో వంతు కూడా కాదు. నెలనెలా కట్టే పథకాల్లో ‘తరుగు మాఫీ’ అన్నా ఇంతే. మాఫీ ఎంత శాతం వరకు, ఏ రకం నగలకు అన్నది చదువుకోవాలి. శాతం ఆ హద్దు దాటిన పనితనం ఎంచుకుంటే మిగతాది చేతి నుంచే పెట్టుకోవాలి.

శాతంలో ఇంకో గుణం ఉంది. రేటు కదిలినప్పుడల్లా పైన పడే సొమ్మును కూడా తనతో లాక్కుపోతుంది. 2020 ఆగస్టు నాటికి 22 క్యారెట్ల గ్రాము ఐదు వేలు దాటింది. 2025లో పది వేలు దాటింది. గ్రాము ఐదు వేలున్నప్పుడు 14 శాతం అంటే 700, పది వేలున్నప్పుడు 1,400. దండ అదే, పని అదే, పని గంటలూ అవే. పైగా ఈ మార్పు కొట్ల వరసనే తారుమారు చేస్తుంది. ఐదు వేల రేటు దగ్గర మొదటి కొట్టుకు గ్రాముకు 700 పడితే, రెండో కొట్టుకు 400 తరుగు, 500 మజూరి కలిపి 900 పడేది. అంటే అప్పుడు మొదటిదే చవక. గ్రాము ధర 8,333 దాటాక రెండోది చవకైంది. రెండు కొట్లూ తమ శాతాన్నీ మజూరినీ మార్చలేదు, అయినా చవక కొట్టు మారిపోయింది. ‘మా అక్క పెళ్లికి అక్కడే చవకగా వచ్చింది’ అన్న సాక్ష్యం ఎంత నిజమైనా, ఇవాళ్టి రేటు పెట్టి మళ్లీ లెక్క వేయకపోతే పనికిరాదు.

దీనికి వర్తకుల దగ్గర గట్టి జవాబే ఉంది. కొట్టువాళ్లు టోకుగా నగలు తెచ్చుకునే చోట తయారీ కూలిని చాలావరకు మేలిమి బంగారంలోనే, శాతాల్లోనే లెక్క కడతారు. రేటు పెరిగితే వాళ్లకు పడే కూలి కూడా రూపాయల్లో పెరుగుతుంది. కాబట్టి కొనేవాడి దగ్గర శాతం వేయడం న్యాయమే కదా అంటారు. ఆ మేరకు నేను ఒప్పుకుంటాను. శాతం అన్నది కొట్టువాడు మనల్ని ముంచడానికి కనిపెట్టిన ఉపాయం కాదు, ఆ వ్యాపారం మొత్తం మాట్లాడుకునే భాష అది. కానీ టోకు శాతానికీ మన బిల్లులోని శాతానికీ నడుమ దూరం ఉంది. ఆ దూరంలో ఉన్నవి అద్దె, జీతాలు, లాభం. ఇవి బంగారంతో పాటు రెట్టింపు కావాల్సిన పని లేదు. బేరానికి చోటున్నది అక్కడే. యంత్రం గొలుసులు ఏ కొట్లో చూసినా ఒకే తీరుగా ఉంటాయి, కాబట్టి వాటిలో బేరం బాగా సాగుతుంది. చేత్తో చెక్కిన నకాషీ హారంలో అంత సాగదు. ఎందుకంటే అక్కడ పని నిజంగా వేరు, పోల్చడానికి అలాంటిదే ఇంకో నగ దొరకదు. నా లెక్క యంత్రం గొలుసును నకాషీ హారంతో పోల్చి చూడమనడం లేదు. ఒకే రకం పనికే అది పనికొస్తుంది.

తరతరాల నుంచి కొంటున్న మన సేటు దగ్గర ఈ లెక్కలేమిటని అడిగేవాళ్లూ ఉంటారు. తెలిసిన కొట్టు బాకీ పెడుతుంది, తెగిన గొలుసు ఊరికే అతికిస్తుంది, పెళ్లి ముందు రోజు రాత్రి తలుపు తీస్తుంది. వీటికి విలువ లేదనను. గ్రాముకు వంద ఎక్కువ పడినా అక్కడే కొనడం తెలివైన పనే కావచ్చు. ఆ ఎక్కువ ఎంతో తెలిసి ఇవ్వడం వేరు, తెలియక ఇవ్వడం వేరు. అదే కొట్లో పాత బంగారం మార్చేటప్పుడు మాత్రం కొత్త నగ ధర పూర్తిగా తేలాకే పాతది బయటికి తీయడం మంచిది. రెండూ కలిపి మాట్లాడితే పాతదానికి ఎక్కువిచ్చినట్టు చూపి కొత్తదానిలో తీసుకోవచ్చు. పాత నగ విలువ లోహానిదే. దాన్ని కొన్నప్పుడు గ్రాముకు పైన ఇచ్చిన సొమ్ము తిరిగి రాదు.

చివరి అభ్యంతరం పన్ను గురించి. కొట్లో కొన్న నగకు బంగారం, తరుగు, మజూరి అన్నీ కలిపిన మొత్తం మీద 3 శాతం జీఎస్టీ పడుతుంది. మన బంగారమే ఇచ్చి చేయించుకుంటే మజూరి మీద 5 శాతం. అందుకే కచ్చా చీటీ మీద కొంటే రెండో కొట్లో మన దండకు 6,780 రూపాయలు మిగులుతాయి కదా అంటారు. బిల్లు లేకున్నా నగ మీద ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడి ఉంటుంది కదా అని కూడా అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలు అది లేకుండా అమ్మకూడదు. BIS Care యాప్‌లో దాన్ని కొడితే నగ రకం, నాణ్యత, పరీక్షించిన కేంద్రం కనబడతాయి. కచ్చా చీటీ మీద కొన్నా ఇవి కనబడతాయి, నిజమే. కానీ ముద్ర మీద ఉన్న నాణ్యత కంటే బంగారం తక్కువని తేలితే, తగ్గిన విలువకు రెట్టింపు సొమ్మూ పరీక్ష ఖర్చూ కొనేవాడికి ఇవ్వాలని భారత ప్రమాణాల సంస్థ 2018 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ నగను ఆ కొట్లోనే, ఆ తూకానికే కొన్నామని చూపడానికి పక్కా బిల్లు కావాలి.