పేరు తొలగింపు – గోప్యత: హొళగుంద మాండలిక పట్టిక ఆధారంగా ఒక పరిశీలన

2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ సంస్థ వెలువరించిన నివేదిక నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ చెల్లింపుల పోర్టల్, చంద్రన్న బీమా ఉన్నాయి. ఆధార్ సంఖ్యలను మరుగుపరచడంలో ఏకరూపత లేదని ఆ నివేదిక ఎత్తిచూపింది. ఒక జాబితాలో మొదటి అంకెలు, మరొక జాబితాలో చివరి అంకెలు దాచితే, రెండింటినీ పక్కపక్కన పెట్టినవారికి పూర్తి సంఖ్య దొరుకుతుంది. దాచిన సమాచారాన్ని బయటి సమాచారమే పూరిస్తుందన్న ఈ సూత్రం భాషా పరిశోధకుల పట్టికలకూ వర్తిస్తుంది.

ఉదాహరణకు, కర్ణాటక సరిహద్దుకు చేరువలో తెలుగు, కన్నడం రెండూ వినిపించే హొళగుందలో ఒక పరిశోధకుడు మాండలిక పదాలు సేకరించాడనుకుందాం. పట్టికలో ఒక వరుస ఇలా ఉంటుంది: ‘వక్త 7, పురుషుడు, 58 ఏళ్లు, కుమ్మరి, హొళగుంద, వలస వెళ్లినవాడు’. పేరుకు బదులు సంకేతం పెట్టడం మరుగుపరచడమే. అయితే ఊరివారికి ఆ వయసు, ఆ వృత్తి చాలు; మనిషి ఎవరో తెలిసిపోతుంది.

రెండవ మెట్టు సాధారణీకరణ. 58 స్థానంలో ‘50–59’, కుమ్మరి స్థానంలో ‘చేతివృత్తి’, హొళగుంద స్థానంలో ‘పశ్చిమ కర్నూలు’ అని రాయాలి. తరువాత లింగం, వయసు, వృత్తి, ప్రాంతం నాలుగూ ఒకేలా ఉన్న వరుసలను లెక్కించాలి. ఏ గుంపులోనైనా ఒకే వరుస మిగిలితే ఆ వక్త బయటపడే అవకాశం ఉన్నట్లే. గుంపుకు కనీసం అయిదుగురు ఉండాలని నియమం పెట్టుకుంటే, అంతకు తగ్గిన వరుసలను ఇంకా సాధారణీకరించాలి, లేదా తొలగించాలి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మాండలిక అధ్యయనానికి ఊరే ప్రాణం. ఊరిని చెరిపితే పట్టిక పనికిరాదు. అందుచేత రెండు పట్టికలుగా విడదీయడం మేలు: ఒకదానిలో ఊరు, పదరూపం, రెండవదానిలో వయసు, వృత్తి, వలస. రెండింటిలోనూ ఒకే వక్త సంకేతం వాడినా, వరుసల క్రమం మార్చకపోయినా అవి తిరిగి కలిసిపోతాయి. విడదీసినందుకు మూల్యం కూడా ఉంది: ఒకే ఊరిలో వయసును బట్టి పదరూపం ఎలా మారిందో ఆ పట్టికలు చెప్పలేవు.

ఇంత చేసినా కొంత ముప్పు మిగులుతుంది. ఒక గుంపులోని అయిదుగురూ వలస వెళ్లినవారే అయితే, వారిలో ఫలానా వ్యక్తి ఎవరో తేలకపోయినా అతని వలస సంగతి తేలిపోతుంది. కాబట్టి గుంపు పరిమాణంతోపాటు, గోప్యంగా ఉంచవలసిన అంశంలో వైవిధ్యం ఉందో లేదో కూడా చూడాలి. ధ్వనిముద్రణ జతచేస్తే గొంతే పేరు చెబుతుంది. కథనంలో వచ్చే బంధువుల పేర్లు, ఇంటి గుర్తులు కూడా అంతే. అటువంటి సామగ్రిని బహిరంగంగా పెట్టకుండా, అడిగిన పరిశోధకునికి షరతులపై ఇవ్వడమే సమంజసం. ‘పేర్లు తొలగించడమైనది’ అన్న ఒక్క వాక్యం చాలదు. ఏయే అంశాలను ఎంత సాధారణీకరించారో, అతి చిన్న గుంపులో ఎందరున్నారో సిద్ధాంత గ్రంథంలో చెప్పినప్పుడే వక్తకు ఇచ్చిన మాట నిలిచిందో లేదో పరీక్షకునికి తెలుస్తుంది.