పదిహేడు అక్షరాల ముసురు

జపాను దేశమున పుట్టిన హైకూ తెలుగున స్థిరపడి మూడు దశాబ్దములు దాటినది. బి.వి.వి. ప్రసాద్ ‘దృశ్యాదృశ్యం’ 1995లోను, ఇస్మాయిల్ ‘కప్పల నిశ్శబ్దం’ 1997లోను వెలువడిన నాటినుండి మూడు చిన్న పాదముల ఈ కవిత మన పత్రికలలో నిత్యపరిచితమైపోయినది. అయితే అయిదు, ఏడు, అయిదు అక్షరముల కొలతను పాటించువారు కొందరు, మూడు పాదములు ఉన్నచో చాలునని విడిచినవారు కొందరు. కొలతను పాటించుటలో ఉన్న చిక్కు ఏమి, దానివలన కలుగు లాభమేమి అను సంగతి ఒక హైకూల వరుసను ముందుంచుకొని చూచినగాని తేలదు. నిజామాబాదు పట్టణమునకును, బోధను చెరకు పొలములకును చెందిన ఆరు హైకూలను ‘వానకాలపు ఉదయాలు’ అను శీర్షికతో, ఈ పరీక్షకొరకే కూర్చి ఇక్కడ ఉంచుచున్నాను.

తొలకరిలో
పసుపు నాటే చేయి—
నల్లరేగడి

ఆరుద్ర కార్తె—
ఎర్ర పురుగు వెంట
బడికి దారి

పుష్యమి జల్లు—
బోధన్ బస్సులోనికి
ముందు గొడుగు

ముసురు పొద్దు—
మిల్లు గేటు తాళంలో
చీమల గుడ్లు

వెలిసె వాన—
చెరకు జడ వేయ
మళ్ళీ కురిసె

మఖ వరద—
మూడు నదులలోను
ఒకే ఎరుపు

మొదట లెక్క. తెలుగు ఛందస్సులో అక్షరమనగా అచ్చుతో కూడిన ధ్వని. ద్విత్వమైనను, సంయుక్తమైనను ఒకటే. పొల్లు హల్లును, సున్నయు ముందున్న అక్షరములో కలిసిపోవును. ఆ ప్రకారము ‘బోధన్ బస్సులోనికి’ అను పాదమున బో, ధన్, బ, స్సు, లో, ని, కి అని ఏడక్షరములు. జపానువారి లెక్క ఇట్టిది కాదు. వారు దీర్ఘమును రెండుగా, పొల్లు నకారమును ప్రత్యేకముగా ఒకటిగా, ద్విత్వములోని నొక్కును మరియొకటిగా లెక్కింతురు. టోక్యో అను పేరు మనకు రెండక్షరములు, వారికి నాలుగు. ఆశ్చర్యమేమనగా, అదే పేరును మన మాత్రల లెక్కకు తెచ్చినచో టో రెండు, క్యో రెండు, వెరసి నాలుగే అగును. అనగా హైకూ కొలతకు మన భాషలో నిజమైన సన్నిహితబంధువు అక్షరము కాదు, మాత్ర.

అట్లని పదిహేడు మాత్రలలో తెలుగు హైకూ వ్రాయబూనినచో చేతికి పది పన్నెండు అక్షరములకంటె చిక్కవు. విభక్తిప్రత్యయములు పదమునకే అంటుకొని నడచు మన భాషకు అది చాల ఇరుకు. కనుక అక్షరగణనమే ఆచారమైనది, అది సమంజసమే. కాని అక్షరములు సరిపోయిన మాత్రమున పాదములు సరితూగవు. ‘మఖ వరద’ అను పాదమున అయిదక్షరములు లఘువులే, అయిదు మాత్రలు. ‘ఆకాశం నీళ్ళై’ అని ఎవరైనను వ్రాసినచో అదియు అయిదక్షరములే. కాని గురువులన్నియు చేరి పది మాత్రలగును. ఒకటి చినుకు, రెండవది కుండపోత. లెక్కపుస్తకములో రెండును ఒకటే! ఆరవ హైకూ మొత్తము ఇరువది మాత్రలు, మూడవది ఇరువదినాలుగు. వరద హైకూ తేలికగా, వేగముగా జారవలెను గనుక లఘువులు అందుకు తగినవి. బస్సు హైకూలో తోపులాట ఉన్నది గనుక నడిమి పాదమున ‘బోధన్ బస్సు’ అని వరుసగా మూడు గురువులు ఒత్తుకొని నిలుచుట బాధింపదు. వ్రాసినదానిని వ్రేళ్ళపై లెక్కించువాడు అక్షరములు సరిచూచును; బిగ్గరగా చదువువాడు బరువు సరిచూచును. రెండవ పని చేయక మొదటిదానితో తృప్తి చెందుటచేతనే పత్రికలకు వచ్చు హైకూలలో చాలభాగము కొలబద్దవలె బిగుసుకొని ఉండును.

కొలత తరువాతిది ఋతువు. జపాను సంప్రదాయమున ప్రతి హైకూలోను కాలమును పట్టియిచ్చు ఒక మాట ఉండవలెను. అట్టి మాటలను ఋతువులవారీగా కూర్చిన నిఘంటువులే వారికి కలవు. మనకు అట్టి నిఘంటువు లేదని విచారింప పనిలేదు, రైతు నోట కార్తెల పట్టిక ఉన్నది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున పదమూడు పదునాలుగు దినములుండును గనుక, జూన్ రెండవ వారమున మృగశిర, నెల మూడవ వారము దాటగా ఆరుద్ర, జూలై మూడవ వారమున పుష్యమి, ఆగస్టు నడుమ మఖ, ఇట్లు వానకాలమంతయు పక్షమునకొక పేరుతో విభజింపబడి సిద్ధముగా ఉన్నది. ‘వర్షాకాలం’ అను మాట నాలుగు నెలలను కప్పును. ‘ఆరుద్ర కార్తె’ అన్నంతనే బడులు తెరచిన కొత్త, నేల ఇంకను పూర్తిగా తడవని స్థితి, ఆ కొద్ది దినములు మాత్రమే పైకి వచ్చి మరల కనబడని మఖమలువంటి ఎర్ర పురుగు, అన్నియు ఒక్కసారి పాఠకుని కట్టెదుట నిలుచును. అందుచేతనే రెండవ హైకూలో పిల్లవాని ప్రసక్తి అవసరము లేకపోయినది. శీర్షికలో ‘ఉదయాలు’ అని ఉన్నది గనుక ప్రతి హైకూలోను తెల్లవారుటను చెప్పనక్కరయు లేదు. పదిహేడక్షరములలో నాలుగు మిగిలించుకొనుట ఎంత సంపదయో వ్రాయువారికి తెలియును.

ఋతుపదము అలంకారము కాదు, సాక్ష్యము. సాక్ష్యము తప్పినచో ఎట్లుండునో నాలుగవ హైకూను పట్టి చూపవచ్చును. మంజీరపై 1931లో నిజాంసాగరము పూర్తియగుటతో ఈ ప్రాంతమునకు చెరకు వచ్చినది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము బోధను చెంత శక్కర్‌నగర్ అను ఊరినే పుట్టించినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన ఆ మిల్లు 2015 డిసెంబరులో మూతపడినది. ఈ సంగతి తెలిసినవారు వానకాలపు ఉదయముపై హైకూ వ్రాయదలచినచో మొట్టమొదట తట్టునది బహుశః ఇట్లుండును:

ముసురు పొద్దు—
పొగలేని గొట్టంపై
ఒంటరి కాకి

అయిదు, ఏడు, అయిదు సరిగానే ఉన్నవి. చిత్రమును కనబడుచున్నది. కాని చెరకు గానుగాడునది నవంబరు మొదలు మార్చి ప్రాంతమువరకు. ముసురు కాలమున మిల్లు నడచుచున్న రోజులలో సైతము ఆ గొట్టమునకు పొగ లేదు, అప్పుడు లోపల మరమ్మతులు జరుగుచుండెడివి. ఆషాఢ శ్రావణములలో పొగలేమి శోకమునకు సాక్ష్యము కానేరదు. శక్కర్‌నగర్ కార్మికుడు ఈ హైకూ చదివి ‘ఇప్పుడు పొగెందుకు వస్తది?’ అనును, అంతటితో కవిత కూలిపోవును. ఇక ఒంటరి కాకి బషో ఎండుకొమ్మపై శరత్కాలమున వ్రాలిన పక్షి. దానిని బోధనుకు రప్పించుట అనవసరము.

మూతపడిన మిల్లును వానకాలములోనే చూపవలెనన్నచో వానకాలమునకే చెందిన ఋజువు కావలెను. చీమలు నీటికి జడిసి గుడ్లను ఎత్తైన, పొడియైన చోటికి చేర్చుకొనుట ఈ ఋతువున అందరు చూచునదే. తాళపుచెవి తిరుగుచున్న తాళములో అవి గుడ్లు పెట్టుకొనలేవు. కనుక ‘మూతపడినది’ అను మాట లేకయే మూత తెలియుచున్నది. చక్కెరకును చీమకును గల పొత్తు ఎవరును చెప్పకయే వెనుకనుండి పలుకుచున్నది. వ్రాయువాడు జాలి పడినట్లు ఒక్క అక్షరమైనను పెట్టినచో, ఉదాహరణకు ‘పాపం చీమలు’ అని మూడవ పాదము మార్చినచో, అక్షరములు అయిదే అగును గాని ఈ పనియంతయు నీళ్ళపాలగును.

ఇక విరుపు. జపాను హైకూను రెండు ముక్కలుగా విడదీయుటకు ‘యా’, ‘కానా’, ‘కేరి’ మొదలగు ప్రత్యేకమైన మాటలు కలవు. తెలుగులో అట్టివి లేవు గనుక గీతయో, విభక్తి లేని నామవాచకమో ఆ పని చేయుచున్నది. అయితే సౌకర్యమొకటి మనకు కలదు: మన వాక్యమునకు క్రియ లేకున్నను సాగును. ‘చేయి నల్లరేగడి’ అన్నచో అది పూర్తి వాక్యమే. మొదటి హైకూ ఆ వాక్యముపైననే నిలిచినది. పసుపు నాటు చేయి పసుపుగా ఉండునని తలచు పాఠకునికి నలుపు ఎదురగును, అంతే. అచ్చట ‘వలె’, ‘లాగ’ అని చేర్చినచో ఉపమాలంకారమగును, హైకూ పోవును. తెలుగు కవికి ఇది సులభముగా లొంగు నిగ్రహము కాదు. ఆటవెలదుల శతకములు విని పెరిగిన చెవి చివరి పాదమున ఒక నీతినో, ఒక దృష్టాంతమునో కోరును. మూడవ పాదము రాగానే వేలు చూపి ‘చూచితిరా’ అనవలెననిపించును. నా దృష్టిలో తెలుగు హైకూలకు కలుగు హానిలో సగము ఇందుండియే వచ్చుచున్నది, అక్షరదోషములనుండి కాదు.

ఇన్ని హైకూలను ఒక వరుసగా కూర్చుట శాస్త్రసమ్మతమా అను ప్రశ్న మిగిలినది. 1930ల నాటికే మిజుహారా షూఓషి, యమాగుచి సేయిషి మొదలగువారు ఒకే విషయముపై హైకూలను వరుసగా కూర్చుటను ప్రచారమునకు తెచ్చిరి. ఒక్కొక్క హైకూ దానంతట అది నిలువవలెను గదా, వరుసపై ఆధారపడినచో హైకూ ఎట్లగునని వాదములును చెలరేగినవి. పరీక్ష తేలికయే: ఒకదానిని తీసివేసి వేరుగా చదివి చూడవలెను. పసుపు చేయి నిలుచును, ఎర్ర పురుగు నిలుచును. ఏ ఊరి బస్సైనను గొడుగును కిటికీనుండి సీటుపైకి విసరి చోటు పట్టుకొను అలవాటున్న చోట మూడవది నిలుచును. అయిదవది మాత్రము తడబడును. వానకాలమునకు నిలువెత్తు పెరిగిన చెరకు గాలికి ఒరిగిపోకుండ, నాలుగైదు గడలను వాటి ఎండుటాకులతోనే చేర్చి కట్టుటను జడచుట్టు వేయుట అందురు. కదిలించిన ఆకులనుండి రాత్రి నిలిచిన నీరంతయు కట్టువాని వీపుపైన పడును. ఆ నీటి పేరు చెప్పక ‘మళ్ళీ కురిసె’ అనుటలోనే దాని రుచి ఉన్నది. బోధను రైతునకు అది వెంటనే తెలియును. మిల్లు హైకూ చదివి వచ్చిన పాఠకునికి చెరకు తోటయు, దాని తడియు అప్పటికే మనసున ఉండుటచేత ఊహకు అందును. ఏ తీరమునందో విడిగా చదువువానికి వ్యాఖ్య కావలసివచ్చును.

ఆరవదానికి వేరొక పరిమితి ఉన్నది. కందకుర్తివద్ద మంజీర, హరిద్ర గోదావరిలో కలియును. మఖలో ఎర్రనీరు వచ్చినచో ఆ ఎరుపు మట్టిదో, సూర్యోదయముదో తెలియరాదు, మూడవ పాదము ఆ సందిగ్ధముపైననే ఆధారపడినది. కాని ఎగువ జలాశయముల గేట్లు ఎత్తని సంవత్సరమున మంజీరలో ఆ వరద రాదు. అట్టి ఏట ఈ వరుస అయిదు హైకూలతోనే ముగియవలెను.