గోరుతో పాటు పోయే ఎముక

పిల్లి గోళ్ళను మళ్ళీ మొలవకుండా తొలగించే శస్త్రచికిత్సకు డీక్లాయింగ్ అని పేరు. అమెరికా, కెనడాలలో ఇది దశాబ్దాలపాటు సాధారణమైన పశువైద్య సేవగా సాగింది. సోఫాలు చిరిగిపోకుండా, పిల్లల చేతులు గీరుకుపోకుండా చేసే కొంచెం గట్టి గోళ్ళ కత్తిరింపుగానే చాలామంది యజమానులు దీన్ని భావించారు, కొందరు ఇప్పటికీ అలాగే భావిస్తున్నారు. ఈ చికిత్సలో వాస్తవంగా తెగేది గోరు కాదని, గోరును మోసే ఎముక అని తెలిసినవారు దానికి ఒప్పుకోవడం కష్టం. అందువల్ల ఈ విషయంలో వాదన కంటే ముందు పిల్లి వేలి నిర్మాణాన్ని తెలుసుకోవాలి.

మనిషి గోరు వేలి చివర చర్మంలోంచి పెరిగి ఎముకకు పైన పరచుకుని ఉంటుంది కాబట్టి అది ఊడిపోయినా ఎముక చెక్కుచెదరదు. పిల్లి గోరు అలాంటిది కాదు. పిల్లి వేలి చివరి కణుపు కొక్కెంలా వంగి ఉండి, ఆ ఎముక కొన గోరులోపలికే చొచ్చుకుపోతుంది. గోరును నిరంతరం పుట్టించే కణజాలం ఆ ఎముక మొదట్లోని గట్టును అంటిపెట్టుకుని ఉంటుంది. బయటికి కనిపించే వంకర భాగం మాత్రం కెరాటిన్ అనే ప్రాణంలేని పదార్థపు పొరలు, అంటే మన వెంట్రుకలోనూ గోరులోనూ ఉండే పదార్థమే. అదే కణుపుకు అడుగున, కండరపు లాగుడును ఎముకకు అందించే స్నాయువు వచ్చి అతుక్కుంటుంది, పైన గోరును లోపలికి ముడిచి ఉంచే సాగే గుణమున్న బంధనాలు ఉంటాయి. పిల్లి అరికాలంతా నేలకు ఆనించకుండా వేళ్ళమీదే నడిచే జంతువు కనుక ప్రతి అడుగులోనూ ఈ కణుపుకు పని ఉంటుంది.

గోరు మళ్ళీ రాకూడదంటే దాన్ని పుట్టించే కణజాలాన్ని పూర్తిగా తీసివేయాలి, ఆ కణజాలం ఎముకను వదలదు కాబట్టి ఎముకనూ తీసివేయవలసి వస్తుంది. పూర్తి మత్తు ఇచ్చి, రక్తం ఆగేలా కాలికి పట్టీ బిగించి, చివరి కణుపుకూ దాని వెనుక కణుపుకూ మధ్య ఉన్న కీలు దగ్గర బంధనాలను, స్నాయువును కోసి, ఆ ఎముకను వేలినుంచి వేరుచేసి, గాయాన్ని కుట్లతోగాని జిగురుతోగాని మూసి కట్టు కడతారు. ముందు కాళ్ళకు అయిదేసి వేళ్ళు ఉంటాయి కనుక, ఆ రెండు కాళ్ళకే చేయించినా ఒక్క పిల్లికి ఈ కోత పదిసార్లు జరుగుతుంది. కొందరు కత్తితో, కొందరు గోళ్ళ కత్తెరను పోలిన పరికరంతో, మరికొందరు లేజర్‌తో ఈ పని చేస్తారు. లేజర్ వల్ల రక్తస్రావం తగ్గవచ్చుగాని తీసివేసే ఎముకలో తేడా ఉండదు. కత్తెరవంటి పరికరంతో కోసినప్పుడు స్నాయువు అతుక్కున్న అడుగుముక్క లోపలే మిగిలిపోయే ప్రమాదం ఎక్కువ. గోరును పుట్టించే కణజాలం కొంచెం మిగిలినా చర్మం కిందే వంకరగా గోరు పెరిగి చీము పట్టవచ్చు.

ఇవి అరుదైన పొరపాట్లని సరిపెట్టుకోవడానికి లేదని 2018లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం తెలియజేసింది. గోళ్ళు తీసివేసిన 137 పిల్లులను, గోళ్ళున్న మరో 137 పిల్లులతో పోల్చి చూసిన ఆ పరిశోధకులకు, మొదటి గుంపులో 63 శాతం పిల్లుల ఎక్స్‌రేలలో మిగిలిపోయిన ఎముక ముక్కలు కనిపించాయి. ఆ గుంపులో వెన్నునొప్పి, కరవడం, మలమూత్రాలకు కేటాయించిన ఇసుక ట్రేను వదిలి ఇంట్లో మరోచోట విసర్జించడం కూడా స్పష్టంగా ఎక్కువగా ఉన్నాయి. శస్త్రచికిత్స లోపం లేకుండా జరిగినప్పటికీ కరవడమూ, ట్రే బయట విసర్జించడమూ గోళ్ళున్న పిల్లులకంటే ఎక్కువేనని వారు గుర్తించారు. ఇలాంటి అధ్యయనం ఒకదానికొకటి సంబంధం ఉందని చూపుతుందేగాని ప్రతి పిల్లిలోనూ కారణాన్ని నిరూపించదు. అయినా నొప్పి పుట్టే పాదంతో ఇసుకను తవ్వలేని పిల్లి మెత్తని తివాచీని వెతుక్కోవడం, గోరుతో హెచ్చరించే అవకాశం లేని పిల్లి నేరుగా పళ్ళకు పని చెప్పడం అర్థంచేసుకోగలిగినవే. పిల్లి తన నొప్పిని దాచుకునే జంతువు కాబట్టి కుంటకపోయినా, ఎత్తుకు దూకడం మానేయడం, పాదాలను అదేపనిగా నాకడం, బరువును వెనుక కాళ్ళమీదికి మార్చుకుని నిలబడడం వంటివి గమనించవలసిన గుర్తులు. గోరు మొదట్లో కణితి వంటి వ్యాధి వచ్చినప్పుడు ఆ ఒక్క వేలి కణుపును తీసివేయడం పిల్లికి మేలు చేసే చికిత్స. సోఫా కోసం పది కణుపులు తీయడాన్ని దానితో సమానం చేయడం న్యాయం కాదు.

పిల్లి గీరడం దుర్గుణం కాదు. పాతబడిన గోటి పొరను వదిలించుకోవడానికి, వెన్నును సాగదీయడానికి, పాదాల్లోని గ్రంథుల వాసనతో తన చోటును గుర్తుపెట్టడానికి అది గీరుతుంది కాబట్టి, గీరే చోటును మార్చడం మొదటి ఉపాయం. వెనుక కాళ్ళమీద నిలబడి ఒళ్ళంతా సాచగలిగే ఎత్తు ఉండి, గీరినప్పుడు ఊగకుండా నిలిచే స్తంభానికి గరుకు తాడు చుట్టి, అది ఇప్పటికే గీరుతున్న వస్తువు పక్కనే నిలబెట్టాలి. రెండు మూడు వారాలకొకసారి గోటి కొసను మాత్రమే కత్తిరించాలి. లోపల గులాబీ రంగులో కనిపించే భాగంలో రక్తనాళమూ నాడీ ఉంటాయి కనుక కత్తెర దానికి కొంచెం దూరంగానే ఆగాలి.

ఇవి సరిపోని ఇంట్లో నెయిల్ క్యాప్‌లు, అంటే గోటికి అతికించే మెత్తని వినైల్ తొడుగులు ఉపయోగపడతాయి. వీటిని రూపొందించినది కూడా ఒక అమెరికన్ పశువైద్యుడే. గోటి కొస కత్తిరించి, సరైన కొలత తొడుగులో మూడో వంతు మేరకు జిగురు వేసి, వేలిని మెల్లగా నొక్కి గోరు బయటికి వచ్చినప్పుడు తొడిగి, జిగురు ఆరేవరకు పిల్లిని కొద్ది నిమిషాలు ఒడిలో ఉంచుకుంటారు. గోటి పైపొర సహజంగా ఊడేటప్పుడు తొడుగు కూడా దానితోనే రాలిపోతుంది; ఇది సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలలో జరుగుతుంది. తొడుగు చిన్నదైతే గోటి మొదలును నొక్కుతుంది, జిగురు ఎక్కువైతే వెంట్రుకలకు అంటుకుంటుంది, రాలకుండా ఎక్కువకాలం ఉండిపోతే లోపల గోరు పొడవు పెరిగి పాదానికి గుచ్చుకోవచ్చు కనుక, వారానికొకసారి ప్రతి వేలినీ చూడడం తప్పనిసరి. గోరు పనికిరాకుండా ఉంటుంది కాబట్టి చెట్టెక్కి ప్రాణం కాపాడుకోవలసిన, బయట తిరిగే పిల్లికి ఇవి తగవు. కొన్ని పిల్లులు వాటిని కొరికి పీకేసుకుంటాయి, అలాంటివాటిని బలవంతపెట్టకూడదు.

బ్రిటన్‌తో సహా అనేక యూరప్ దేశాలు ఈ శస్త్రచికిత్సను అనుమతించవు. అమెరికా రాష్ట్రాలలో మొదటగా న్యూయార్క్ 2019లో, వైద్య అవసరం ఉన్న సందర్భాలను మినహాయించి, దీన్ని నిషేధించింది. కాలిఫోర్నియాలో అయితే అంతకు ముందే, ఇల్లు అద్దెకిచ్చేవారు పిల్లి గోళ్ళు తీయించాలని షరతు పెట్టడాన్ని చట్టం అడ్డుకుంది. అమెరికాలో పిల్లిని పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలు అద్దె ఒప్పందంలో అలాంటి వాక్యం కనిపిస్తే సంతకానికి ముందే తమ రాష్ట్రపు చట్టాన్ని చూసుకోవడం మంచిది. చట్టం లేనిచోట కూడా యజమాని చేయి ఎక్కడ ఆగాలో పిల్లి వేలి నిర్మాణమే చెబుతుంది: స్తంభమూ, కత్తెరా, తొడుగూ ప్రాణంలేని కెరాటిన్ పొరతోనే పని ముగిస్తాయి, వాటిలో జరిగిన పొరపాటు చాలావరకు కొన్ని వారాలలో గోటితో పాటే పెరిగిపోతుంది, తీసివేసిన కణుపు మాత్రం పెరగదు, ఆ నష్టాన్ని పిల్లి జీవితాంతం ప్రతి అడుగులో భరిస్తుంది.