ఐదు మడుల వడ్లు, ఒక అంకె

వరి కోతకొచ్చే వేళకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో గణాంక, వ్యవసాయ శాఖల సిబ్బంది తాడు, మేకులు, కాంటా పట్టుకుని పొలాల్లోకి దిగుతారు. వాళ్లు చేసేవాటిని పంటకోత ప్రయోగాలంటారు. ఊళ్లోని సర్వే నంబర్లలోంచి లాటరీ పద్ధతిలో కొన్ని పొలాలు ఎంచుతారు. పొలం నైరుతి మూలనుంచి, ముందే నిర్ణయమైన యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం పొడవునా అడ్డంగా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఆగిన చోట మేకు కొడతారు. అక్కడినుంచి ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పుతో తాడు కట్టి, లోపలి వరినే కోసి, నూర్చి, తూర్పారబట్టి తూకం వేస్తారు. పైరు ఎక్కడ ఏపుగా ఉందో అక్కడ తాడు వేసే వీలు ఎవరికీ ఉండదు. ఈ పద్ధతికి ప్రాణం అదే.

ఆ చదరం ఇరవై ఐదు చదరపు మీటర్లు. ఎకరంలో అలాంటివి దాదాపు 162 పడతాయి. కాబట్టి చదరంలో పన్నెండు కిలోలు వస్తే ఎకరానికి సుమారు 19.4 క్వింటాళ్లు. రిపోర్టులో ఊరికి ఇలాంటి చదరాల సగటు ఒక్కటే చేరుతుంది. దాని వెనకున్న మడుల తేడా మాత్రం ప్రామాణిక విచలనం కడితే తప్ప కనబడదు.

లెక్క కోసం రెండు ఊళ్లు ఊహించుకుందాం. జనగామ వైపు బోర్ల కింద సాగయ్యే ఊళ్లో ఐదు చదరాల తూకాలు 12, 13, 11, 12, 12 కిలోలు. భూపాలపల్లి వైపు ఒక పాత చెరువు ఆయకట్టులో తూము దగ్గరనుంచి చివరి మడిదాకా వరసగా 15, 14, 13, 11, 7 కిలోలు. రెండు చోట్లా మొత్తం అరవై, సగటు పన్నెండే. కాగితం మీద రెండూ ఒకటే ఊరు.

ఇప్పుడు చెరువు కింది ఊరిని తీసుకోండి. ప్రతి తూకంలోంచి పన్నెండు తీసేస్తే 3, 2, 1, మైనస్ 1, మైనస్ 5 వస్తాయి. ఇవే విచలనాలు. వీటిని కూడితే సున్నా రావాలి. రాకపోతే సగటు తప్పుగా కట్టామన్నమాట, ముందుకు పోకుండా అక్కడే ఆగి సరిచూసుకోవాలి. కూడితే సున్నాయే వస్తుంది గనక ఆ మొత్తంతో పని జరగదు. అందుకని ఒక్కోదాన్ని వర్గం చేస్తాం: 9, 4, 1, 1, 25. మొత్తం 40. దీన్ని నాలుగుతో భాగిస్తే 10, అదే విస్తృతి. అది కిలోల వర్గంలో ఉన్న అంకె, కాంటాకు సంబంధం లేనిది. వర్గమూలం తీస్తే 3.16 కిలోలు, అదే ప్రామాణిక విచలనం. మళ్లీ కిలోల్లోకి వచ్చాం. జనగామ ఊరికి ఇలాగే కడితే వర్గాల మొత్తం 2, ప్రామాణిక విచలనం 0.71 కిలోలు.

ఐదు మడులుంటే నాలుగుతో ఎందుకు భాగించాలని విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. విచలనాల మొత్తం సున్నా కావాల్సిందే కాబట్టి, మొదటి నాలుగూ తెలిస్తే ఐదోది దానంతటదే తేలిపోతుంది. స్వేచ్ఛగా మారగలిగినవి నాలుగే. పైగా ఊరి అసలు సగటు మనకు తెలియదు, ఈ ఐదు మడులనుంచే కట్టుకున్నాం. ఆ సగటు సహజంగానే ఈ ఐదింటికి దగ్గరగా జరిగి ఉంటుంది, దూరాలు అసలుకన్నా చిన్నవిగా కనబడతాయి. నాలుగుతో భాగించడం ఆ లోటును పూడ్చడానికే. ఐదుతో భాగిస్తే 2.83 వస్తుంది. వేల మడులుంటే ఈ తేడా కనబడదు గానీ ఐదు మడుల దగ్గర పెద్దదే. ఎక్సెల్‌లో లెక్క కట్టేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: `=STDEV.S(A1:A5)` అంటే 3.16, `=STDEV.P(A1:A5)` అంటే 2.83. ఊళ్లోంచి కొన్ని మడులే కోశాం గనక మనకు కావాల్సింది మొదటిది.

మరి 3.16 ఏం చెబుతోంది? ఆ ఊళ్లో మడులు సగటునుంచి మామూలుగా మూడు కిలోల మేర అటూ ఇటూ ఉన్నాయని. ఎకరం లెక్కలో అది ఐదు క్వింటాళ్లకు పైమాటే. జనగామ ఊళ్లో ఒక్క క్వింటాలుకు కాస్త ఎక్కువ. ఒక ఊళ్లో సగటు అందరి పంటనూ చూపిస్తోంది, మరో ఊళ్లో దాదాపు ఎవరి పంటనూ చూపించడం లేదు.

అయితే ఈ అంకె చెప్పనిదీ చాలా ఉంది. వర్గాల మొత్తం 40లో 25 ఒక్క చివరి మడిదే. దాన్ని పక్కన పెట్టి మిగతా నాలుగింటికి కడితే విచలనం 1.71కి పడిపోతుంది. వర్గం చేయడం వల్ల దూరంగా ఉన్న ఒక్క తూకమే అంకెను ఇంతగా లాగేస్తుంది. అలాగని దాన్ని కొట్టేయకూడదు, ముందు రిజిస్టరు చూడాలి. నీళ్లందక పంట ఎండిందా, దోమపోటు తగిలిందా, 12ను 7గా రాశారా అన్నది అక్కడే తేలుతుంది. ఇంకో సంగతి: 9, 10, 11, 13, 17 అనే తూకాలకు కూడా సగటు పన్నెండు, విచలనం 3.16. అక్కడ ఒక రైతు బాగా పండించాడు, ఇక్కడ ఒక రైతు బాగా నష్టపోయాడు. ఈ రెండు ఊళ్లకూ అంకె ఒకటే. అందుకే ఐదు తూకాలుంటే ఐదూ రాసి, పక్కన విచలనం రాయాలని గట్టిగా అంటాను.

తూకంలో స్థిరంగా ఉండే తప్పును కూడా ఇది పట్టలేదు. కాంటా ప్రతిసారీ ఒక కిలో ఎక్కువ చూపితే సగటు పదమూడవుతుంది, విచలనం అలాగే ఉంటుంది. 1940లలో గణాంక శాస్త్రవేత్తలు మహలనోబిస్, సుఖాత్మేల మధ్య నడిచిన వాదం ఇలాంటిదే. మహలనోబిస్ బెంగాల్‌లో చిన్న వలయాలు కోయించారు. కోసే చోటు చిన్నదైనకొద్దీ గీత మీది మొక్కలు లోపలికి చేరి దిగుబడి ఎక్కువగా కనబడుతుందని సుఖాత్మే వాదించారు. ఆ తప్పు అన్ని మడుల్లోనూ ఒకే వైపుకు ఉంటుంది, విచలనం చిన్నగా వచ్చినంత మాత్రాన పోదు.

మహబూబాబాద్ మిర్చి దగ్గర జాగ్రత్త ఇంకోలా ఉండాలి. మిర్చిని ఒక్కసారిగా కోయరు, విడతలు విడతలుగా ఏరుతారు. మొదటి ఏరుడు తూకాలకే విచలనం కడితే, ముందు పండిన చేనుకూ వెనక పండిన చేనుకూ ఉన్న కాలం తేడా కూడా దిగుబడి తేడాగా లెక్కలోకి వస్తుంది. ఒక్కో చదరానికి అన్ని ఏరుళ్లూ కూడుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి.

ఇక చెరువు కింది ఊరి సగటును ఎంతవరకు నమ్మవచ్చు? 3.16ను ఐదు వర్గమూలంతో భాగిస్తే 1.41 కిలోలు, ఎకరానికి దాదాపు 2.3 క్వింటాళ్లు. ఇది మడుల తేడా కాదు, సగటులోని ఊగిసలాట. దీన్ని సగం చేయాలంటే ఇరవై మడులు కోయాలి. అంతమంది సిబ్బందీ ఉండరు, కోతలూ ఆగవు. ఇంతకన్నా తక్కువ ఖర్చుతో ఒక దారి ఉంది: ఆయకట్టును రెండుగా విడదీసి చూడటం. తూము దగ్గరి మూడు మడులు 15, 14, 13కు సగటు 14, విచలనం ఒక్క కిలో. చివరి రెండు 11, 7కు సగటు 9, విచలనం 2.83. తూము కింద రెండు మడులు కోసినా సరిపోతుంది. వచ్చే యాసంగిలో మిగిలిన మూడు తాళ్లూ చివరి మడులవైపే వేయాలి, అక్కడ రెండే మడులతో వచ్చిన 2.83ను నమ్మడం కష్టం.