‘మేమే’ అన్న బరువు ఇంగ్లీషులో పలకాలంటే

తెలుగులో ఒక మాట మీద బరువు పెట్టడానికి గొంతుతో పెద్దగా పని ఉండదు. ‘పైపులు మేమే బాగుచేసుకున్నాం’ అంటే చాలు, ఆ ఏకారమే బరువంతా మోస్తుంది. ‘బాగుచేసుకున్నది మేము’ అని మాటల వరస మార్చినా అదే ఫలితం. ఇంగ్లీషులో ఈ పనిలో ఎక్కువ భాగం గొంతుదే. ‘వి రిపేర్డ్ ద పైప్స్’ అన్నప్పుడు ‘వి’ని కాస్త సాగదీసి, స్వరం ఎత్తి పలికితేనే ‘మేమే’ అని వినిపిస్తుంది. అన్ని మాటలనూ ఒకే ఎత్తున పలికితే అది ఉత్త సమాచారం. ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకున్న తెలుగువారి ప్రసంగాన్ని దిద్దేవారు మొదట చూడాల్సింది ఈ తేడాని. వ్యాకరణం తర్వాత.

ఒక సందర్భం ఊహించుకుందాం. ఒక పల్లెలోని మహిళా సంఘం నాయకురాలు ఢిల్లీలో ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. ఎవరో చదువుకున్నవారు రాసిచ్చిన కాగితం ఆమె చేతిలో ఉంది. అందులో మొదటి వాక్యం ఇది: ‘ద రిపేర్ ఆఫ్ ద వాటర్ సప్లై సిస్టమ్ హాజ్ బీన్ సక్సెస్‌ఫుల్లీ క్యారీడ్ అవుట్ బై ద మెంబర్స్ ఆఫ్ అవర్ కమిటీ.’ తప్పేమీ లేదు. కానీ పని చేసినవాళ్లు వాక్యం చివర ఎక్కడో ఉన్నారు. అక్కడికి చేరేసరికి ఆమెకు ఊపిరి మిగలదు, వినేవాళ్లకు ఓపిక మిగలదు.

దిద్దే మనిషి ఆ కాగితాన్ని పక్కన పెట్టి, ‘అసలేం జరిగిందో తెలుగులో చెప్పండక్కా’ అని అడగాలి. ‘కాంట్రాక్టరు రాలేదు బాబూ. పైపులు మేమే బాగుచేసుకున్నాం. ఇప్పుడు పదిహేను ఇళ్లకు నీళ్లొస్తున్నాయి’ అంటుంది ఆమె. మూడు వాక్యాలు, మూడు విషయాలు. ఫోన్లో రికార్డు చేసుకుని, ఇంగ్లీషును వీటి మీదే కట్టాలి.

మొదటిది తేలికే: ‘ద కాంట్రాక్టర్ డిడ్ నాట్ కమ్.’ ఇక్కడ ‘డిడ్ నాట్’ అని విడదీసి రాయడం కావాలని చేసిన పని. ‘డిడంట్’, ‘కాంట్’ లాంటి కుదింపుల్లో చివరి ట కారం వేదిక మీద వినిపించకుండా పోతుంది. ‘కాంట్’ కాస్తా ‘కెన్’ అయిందంటే ‘చేయలేం’ అన్నది ‘చేయగలం’గా వినిపిస్తుంది. అందుకే రెండో భాషలో మాట్లాడేవారి కాగితం మీద కాదనే మాటను ఎప్పుడూ పూర్తిగా రాయాలి.

రెండో వాక్యమే ప్రసంగానికి ప్రాణం. ‘వి రిపేర్డ్ ద పైప్స్’ అని రాసి, ‘వి’ కింద గీత గీసి, ‘ఇక్కడ నొక్కండి’ అని చెప్పవచ్చు. సాధనలో వస్తుంది కూడా. వేదికెక్కాక ఆ నొక్కు జారిపోతే? అందుకని వాక్యం చివర ఒక మాట చేరుద్దాం: ‘వి రిపేర్డ్ ద పైప్స్ అవర్‌సెల్వ్స్.’ ఈ చివరి మాట ఉన్నాక గొంతు కాస్త తడబడినా అర్థం తప్పిపోదు. పైగా ఇంగ్లీషు వినే చెవి వాక్యం చివరి ముఖ్యమైన మాట మీద బరువును సహజంగానే ఆశిస్తుంది. అందుకే గొంతును సరిచేసే ముందు వాక్యాన్ని సరిచేయాలి అంటాను. బరువు పడాల్సిన మాటను చివరికి తెస్తే సగం పని వాక్యమే చేసిపెడుతుంది.

మూడోదానిలో గండం ఉంది. ‘ఫిఫ్టీన్’ను ఒంటరిగా పలికితే రెండో భాగం ‘టీన్’ మీద బలం పడుతుంది. దాని వెనకే ‘హౌసెస్’ వచ్చిందంటే ఆ బలం ముందుకు, ‘ఫిఫ్’ మీదికి జరుగుతుంది. ఇంగ్లీషు పుట్టు భాషగా ఉన్నవాళ్లూ అలాగే పలుకుతారు. ఆ మీదట చివరి న కారం కూడా సరిగా వినిపించకపోతే సభకు అందేది ‘ఫిఫ్టీ హౌసెస్’, అంటే యాభై ఇళ్లు. కాబట్టి అంకెను వాక్యం చివరికి తెచ్చి ఒంటరిగా నిలబెట్టాలి: ‘హౌ మెనీ హౌసెస్ హావ్ వాటర్ నౌ? ఫిఫ్టీన్.’ ప్రశ్న తర్వాత ఒక క్షణం ఆగితే ఆ అంకె స్పష్టంగా పడుతుంది. విదేశీయులున్న సభ అయితే లక్షలు, కోట్లు కూడా ముందే మార్చి రాయాలి. పదిహేను లక్షలను ‘వన్ పాయింట్ ఫైవ్ మిలియన్’ అని వేదిక మీద అప్పటికప్పుడు లెక్కగట్టడం ఎవరికైనా కష్టం.

తేలిక మాటల సంగతిలో ఇంగ్లీషు పుస్తకాల సలహా మనకు పూర్తిగా పనికిరాదు. లాటిన్ నుంచి వచ్చిన పొడవాటి మాటలు మాని పొట్టి మాటలు వాడమని అవి చెబుతాయి. కానీ ‘పుట్ అప్ విత్’లో మూడూ పొట్టి మాటలే అయినా, కలిసి ‘భరించడం’ అనే అర్థమిస్తాయని మన వక్తకు తెలియకపోవచ్చు. ‘టాలరేట్’ పొడవైనదే, అయినా సినిమాల్లోనో పేపర్లోనో ఆమె చెవిన పడే ఉంటుంది. ఆమె ఎరిగిన మాటే తేలిక మాట. ఎరిగిన మాట అయినా గట్టిగా చదివించినప్పుడు రెండుసార్లు తడబడితే దాన్ని తీసేయాలి. ‘మంత్స్’, ‘ఆస్క్‌డ్’ లాంటి హల్లుల గుంపులు ఇలాగే అడ్డుపడతాయి. ‘సిక్స్ మంత్స్’ బదులు ‘హాఫ్ ఎ ఇయర్’ అంటే నోరు తిరుగుతుంది.

మాట లోపలి నొక్కును గుర్తుపెట్టడానికి మన లిపిలోనే మంచి సాధనం ఉంది. ఇంగ్లీషులో నొక్కి పలికే భాగం సాధారణంగా కాస్త సాగుతుంది. హ్రస్వ దీర్ఘాల తేడా తెలుగువారికి పుట్టుకతో వచ్చింది. ‘ఎకానమీ’లో మొదటి దీర్ఘం ‘కా’, ‘ఎకనామిక్’లో ‘నా’ సరిగ్గా నొక్కు పడే చోట్లే. ‘కమిటీ’లో మాత్రం దీర్ఘం మోసం చేస్తుంది. నొక్కు పడాల్సింది ‘మి’ మీద, మన రాత నోటిని ‘టీ’ వైపు లాగుతుంది. ఇలాంటి చోట ‘మి’ చుట్టూ సున్నా చుట్టి, సాగదీయకుండా స్వరం ఎత్తమని చెప్పాలి. ‘షిప్’ లాంటి మాటను సాగదీస్తే ‘షీప్’ అయిపోతుంది కదా.

ఇక ఉచ్చారణలో ఏది దిద్దాలి, ఏది వదిలేయాలి? రకరకాల మాతృభాషలవాళ్లు తమలో తాము ఇంగ్లీషు మాట్లాడుకునేటప్పుడు అర్థం ఎక్కడ చెడుతుందో పరిశీలించిన జెనిఫర్ జెంకిన్స్, 2000లో వచ్చిన తన పుస్తకంలో వాక్యంలోని ప్రధానమైన నొక్కును తప్పనిసరి జాబితాలో పెట్టారు. ‘దిస్’, ‘థింక్’ మొదట్లో ఉండే ఇంగ్లీషు ధ్వనులను ఆ జాబితాలో చేర్చలేదు. ఆ లెక్కన తెలుగు ‘ద’, ‘థ’లతో పలికితే నష్టమేమీ లేదు. ఉన్న కొద్ది సమయాన్ని వాటి మీద ఖర్చు చేయడం వక్తకు అన్యాయం.

కాగితం ఎలా ఉండాలన్నదానికి చర్చిల్ మంచి ఉదాహరణ. ఆయన ప్రసంగాలను పద్యపాదాల్లా విరిచి టైపు చేయించుకునేవారు. ఇంగ్లీషు పుట్టు భాష అయిన మనిషికే అది అవసరమైంది. ఒక ఊపిరికి ఒక పంక్తి, పంక్తికి ఒకే గీత. రెండు మూడు మాటల కింద గీతలు పడితే అన్నీ సమానమైపోయి, మళ్లీ మొదటికొస్తాం. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. వాక్యం మధ్యలో పేజీ మారకూడదు. నిమిషానికి వంద మాటలు దాటకుండా లెక్క వేసుకుంటే, ఐదు నిమిషాలకు ఐదువందలు. రాసిచ్చిన కాగితంలో ఎనిమిది వందలు ఉంటే, వేగం పెంచడం కాదు, మూడు వందలు కొట్టేయాలి.

దిద్దింది సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి రికార్డింగును ఆ విషయమేమీ తెలియని మనిషికి ఒక్కసారి వినిపించండి. కాగితం చూపించకండి. పని ఎవరు చేశారు, ఎన్ని ఇళ్లకు నీళ్లొచ్చాయి అని అడగండి. యాభై అన్నా, కాంట్రాక్టరు అన్నా వాక్యాన్ని మళ్లీ దిద్దాలి. ఆమెను తప్పుపట్టకూడదు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ప్రసంగం అయ్యాక వచ్చే ప్రశ్నలకు ముందే రాసుకున్న కాగితం అక్కరకు రాదు. కాబట్టి జవాబులు తెలుగులో చెప్పే వీలు కల్పించి, పక్కన ఒక అనువాదకుణ్ని కూర్చోబెట్టమని నిర్వాహకులను ఆహ్వానం అందిన రోజే అడగండి.