వృత్తం మీద నడిచే వోల్టేజీ

మూడు ఫేజుల రెక్టిఫయర్‌కి ఫైరింగ్ బోర్డు తయారుచేసినప్పుడు, దాన్ని బల్ల మీద పరీక్షించడానికి 415 వోల్టుల లైను అక్కర్లేదు. ఆర్, వై, బి ఫేజుల్లా నడుచుకునే మూడు చిన్న సిగ్నళ్లు చాలు. ఒక్కొక్కటి ఒక వోల్టు ఉండాలి, వాటి మధ్య ఎడం 120 డిగ్రీలుండాలి. కానీ మామూలు సాకెట్లో దొరికేది ఒక్క ఫేజే. దాన్నుంచి మిగతా రెండింటినీ పుట్టించే పని ఒక చిన్న ఆప్-ఆంప్ సర్క్యూట్ చేస్తుంది. దాని పేరు ఫస్ట్ ఆర్డర్ ఆల్-పాస్. మూడు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్, ఒక ఆప్-ఆంప్: సామాను ఇంతే. సిగ్నల్ ఎత్తుని ముట్టుకోకుండా ఫేజుని మాత్రం మనం కోరినంత వెనక్కి జరుపుతుంది.

ఫేజుని జరపడానికి అందరికీ ముందుగా గుర్తొచ్చేది ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్. వాటిని వరసగా కలిపి, కెపాసిటర్ రెండో కొసని గ్రౌండుకి వేసి, నడిమి జాయింటు దగ్గర వోల్టేజీ తీసుకుంటే అది వెనకబడే ఉంటుంది. చిక్కేమిటంటే ఎంత వెనకబడితే అంత చిక్కిపోతుంది కూడా. 60 డిగ్రీలు జరిపేసరికి వోల్టులో సగమే మిగులుతుంది. 90 డిగ్రీలకి చేరేలోపు సిగ్నలే ఉండదు. 120 అడగడానికి వీల్లేదు. రెండు జతలు వరసగా పెట్టి, పోయినదాన్ని ఆంప్లిఫయర్‌తో పూరించుకోవచ్చు. కానీ ఫేజుని కాస్త సవరించిన ప్రతిసారీ ఎత్తు మారుతుంది, మళ్లీ గెయిన్ తిప్పుకోవాలి. ఒకటి సర్దితే ఇంకోటి చెదురుతుంది.

ఆల్-పాస్ కూడా అదే రెసిస్టర్-కెపాసిటర్ జతతో మొదలవుతుంది. జాయింటుని ఆప్-ఆంప్ ప్లస్ కాలికి కలుపుతారు. మైనస్ కాలికి రెండు సమానమైన రెసిస్టర్లు వస్తాయి. 10 కిలో ఓములవి అనుకుందాం. ఒకటి ఇన్‌పుట్ నుంచి, రెండోది అవుట్‌పుట్ నుంచి. పనితనమంతా ఈ జంటలోనే ఉంది. రెండూ సమానం కాబట్టి మైనస్ కాలి దగ్గర వోల్టేజీ ఎప్పుడూ ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. తన రెండు కాళ్లనీ ఒకే వోల్టేజీలో ఉంచడం ఆప్-ఆంప్ పని. అంటే జాయింటు వోల్టేజీయే ఆ నడిమి బిందువు కావాలి. అలా కావాలంటే అవుట్‌పుట్ ఒక్కచోటే ఉండగలదు: ఇన్‌పుట్ నుంచి జాయింటు ఎంత దూరమో, జాయింటు దాటి అటువైపు మళ్లీ అంతే దూరంలో. లెక్కలో రాస్తే జాయింటు వోల్టేజీకి రెట్టింపు వేసి, అందులోంచి ఇన్‌పుట్‌ని తీసేయడం.

తీసేస్తే ఎత్తు ఎందుకు తగ్గలేదు? ఇది బొమ్మ గీస్తే తెలుస్తుంది. కాగితం మీద గ్రౌండుకి ఒక చుక్క పెట్టి, అక్కణ్ణించి ఇన్‌పుట్ వోల్టేజీకి ఒక గీత గీయండి. రెసిస్టర్ మీద పడే వోల్టేజీ, కెపాసిటర్ మీద పడే వోల్టేజీ ఎప్పుడూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. రెండూ కలిస్తే ఆ గీత వస్తుంది. అంటే జాయింటు బిందువు ఒక లంబకోణ త్రిభుజం మూల, ఇన్‌పుట్ గీత దాని కర్ణం. అర్ధవృత్తంలో కోణం లంబకోణమని బళ్లో చదువుకున్నాం కదా. కాబట్టి రెసిస్టర్‌ని ఎంతకు మార్చినా జాయింటు బిందువు ఇన్‌పుట్ గీత వ్యాసంగా గీసిన అర్ధవృత్తం మీదే నడుస్తుంది.

గ్రౌండు దగ్గర నిలబడి చూస్తే ఆ బిందువు దూరం మారుతూ ఉంటుంది. సిగ్నల్ చిక్కిపోవడమంటే అదే. వృత్త కేంద్రంలో నిలబడి చూస్తే మాత్రం దాని దూరం ఎప్పుడూ ఒక్కటే, వ్యాసార్ధం. కేంద్రం అంటే ఇన్‌పుట్‌లో సగం. జాయింటులోంచి ఇన్‌పుట్‌లో సగం తీసేసి రెట్టింపు చేస్తే, రెట్టింపు వేసి ఇన్‌పుట్‌ని తీసేసినట్టే. సర్క్యూట్ చేస్తున్నది సరిగ్గా ఇదే. వ్యాసార్ధానికి రెట్టింపు వ్యాసం, వ్యాసం మన ఇన్‌పుట్ పొడవే. ఎత్తు చెక్కుచెదరకపోవడానికి కారణం ఇది. పోయిన వోల్టేజీని ఇక్కడ ఎవరూ పూరించడం లేదు, కొలిచే చోటుని గ్రౌండు నుంచి కేంద్రానికి మార్చారంతే. అదే వృత్తంలో రెండో లాభం కూడా ఉంది. చాపం కేంద్రం దగ్గర చేసే కోణం, పరిధి మీద చేసే కోణానికి రెట్టింపు. గ్రౌండు పరిధి మీద ఉంది కాబట్టి అక్కణ్ణించి చూస్తే 60 డిగ్రీలున్నది కేంద్రం నుంచి చూస్తే 120. మామూలు జతకి 90 దగ్గర ఆగిపోయే అవధి ఇక్కడ 180 దాకా సాగుతుంది. పుస్తకాల్లో ఉండే సూత్రంలో ఆ రెండు అంకె ఎక్కణ్ణించి వచ్చిందో కూడా ఇదే చెబుతుంది:

φ = 2·arctan(2πfRC)

ఇప్పుడు మన 120 డిగ్రీలకి లెక్క వేద్దాం. సగం 60, దాని టాంజెంట్ 1.732. 50 హెర్ట్‌జ్ దగ్గర 2πf విలువ 314.16. కెపాసిటర్ 100 నానోఫారడ్లు తీసుకుంటే రెసిస్టర్ 55.13 కిలో ఓములు రావాలి. ఆ విలువ దుకాణంలో దొరకదు. దగ్గర్లో ఉన్న 56 కిలో ఓములు వేస్తే కోణం 120.8 అవుతుంది. కానీ అసలు అనుమానం కెపాసిటర్ మీద పెట్టుకోవాలి. 104J అని ముద్ర ఉన్న పాలియెస్టర్ కెపాసిటర్ అటూ ఇటూ 5 శాతం తేడాతో రావచ్చు. ఆ తేడా ఒక్కటే రెండున్నర డిగ్రీలు లాగుతుంది. అందుకే 51 కిలో ఓముల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్‌కి వరసగా 10 కిలో ఓముల 25 చుట్ల ప్రీసెట్ వేస్తారు. ఈ చోట సిరామిక్ డిస్కు వేయకపోవడం మంచిది. వేడికీ, మీద పడే వోల్టేజీకీ విలువ మారిపోయే రకాలు వాటిలో ఉన్నాయి, పొద్దున సరిచేసిన కోణం మధ్యాహ్నానికి ఉండదు.

మొత్తం కట్టుకి నాలుగు ఆప్-ఆంప్‌లున్న టీఎల్ 074 ఒక్కటి సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చిన 6 వోల్టులని రెండు రెసిస్టర్లతో ఒక వోల్టుకి దించి, మొదటి ఆప్-ఆంప్‌ని ఫాలోయర్‌గా పెడతారు. అది ఆర్ ఫేజు. ఈ ఫాలోయర్ వృథా అనుకుని తీసేస్తే ఆల్-పాస్ లాగే కరెంటు నేరుగా డివైడర్ మీద పడుతుంది. ఆ కరెంటు జాయింటు ఎక్కడుందో దాన్నిబట్టి మారుతుంది కాబట్టి, ప్రీసెట్ తిప్పినప్పుడల్లా ఇన్‌పుట్టే కదులుతుంది. రెండోది మన ఆల్-పాస్, వై ఫేజు. మూడోది ఆర్, వైలని కూడి తిరగేసే సమ్మర్, అది బి ఫేజు. సమతుల్యంగా ఉన్న మూడు ఫేజుల మొత్తం ఎప్పుడూ సున్నా కాబట్టి మూడోదానికి ఇంకో ఆల్-పాస్ అక్కర్లేదు.

ఈ కట్టులో నాకు అన్నిటికన్నా నచ్చేది సరిచేసే పద్ధతి. ఫేజు మీటర్ లేకుండా, ఒక్క డిజిటల్ మల్టీమీటర్‌తో 120 డిగ్రీలు పట్టుకోవచ్చు. ఒకే ఎత్తున్న రెండు సిగ్నళ్లని కూడితే వచ్చే ఎత్తు వాటి మధ్య కోణం మీద ఆధారపడుతుంది. సరిగ్గా 120 దగ్గర ఆ మొత్తం కూడా అదే ఎత్తుకి వస్తుంది. అందుకని ముందు సమ్మర్ రెండు ఇన్‌పుట్లకీ ఆర్ ఫేజునే ఇచ్చి, 1.000 వోల్టుకి 2.000 వస్తోందో లేదో చూసుకోవాలి. తర్వాత వై ఫేజుని దాని చోట కలిపి బి ఫేజుని కొలవాలి. రెసిస్టర్, ప్రీసెట్ కలిసి 56 కిలో ఓములున్న బోర్డు మీద అది 0.988 చూపిస్తుంది, అంటే కోణం ఎక్కువైంది. ప్రీసెట్‌ని తగ్గించే వైపు తిప్పితే ఒక్కో చుట్టుకి సుమారు 5 మిల్లీవోల్టులు పెరుగుతుంది. 1.000 దగ్గర ఆపేస్తే పని అయిపోయింది. మీటరులో ఒక మిల్లీవోల్టు అంటే కోణంలో డిగ్రీలో పదిహేనో వంతు. మీటరుకీ, సమ్మర్ రెసిస్టర్లకీ ఉండే తేడాలు దానికన్నా ఎక్కువే ఉంటాయి. ఆర్, వై ఒకే ఎత్తున ఉండబట్టే ఈ కొలత చెల్లుతుంది. ప్రీసెట్ తిప్పినా ఎత్తు కదలకపోవడం ఇక్కడ చేతికందే లాభం.

ఆ 10 కిలో ఓముల జంటలో తేడా ఉంటే ఇదంతా వంకర పోతుంది. అవుట్‌పుట్ వైపు రెసిస్టర్ ఒక శాతం పెద్దదైతే కేంద్రం కాస్త పక్కకి జరిగినట్టే. వై ఫేజు 0.75 శాతం ఎత్తు పెరుగుతుంది, కోణం కూడా పావు డిగ్రీ తప్పుతుంది. దీన్ని పట్టుకోవడానికి సిగ్నల్ జనరేటర్ చాలు. 1 హెర్ట్‌జ్ దగ్గర ఒకసారి, 5 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఒకసారి ఆసిల్లోస్కోపులో అవుట్‌పుట్ చూడాలి. కింద ఫ్రీక్వెన్సీలో కెపాసిటర్ తెరుచుకుని ఉన్నట్టే కాబట్టి సర్క్యూట్ ఫాలోయర్‌లా నడుస్తుంది, జంట ఎలా ఉన్నా ఎత్తు ఒకటే. పై ఫ్రీక్వెన్సీలో ప్లస్ కాలు గ్రౌండుకి అంటుకున్నట్టే, అప్పుడు సర్క్యూట్ తిరగేసే ఆంప్లిఫయర్, గెయిన్ ఆ జంట నిష్పత్తే. రెండు చోట్లా ఎత్తులు తేడాగా ఉంటే జంటని మార్చాలి. స్కోపులో ఒక శాతం కంటికి ఆనదు కాబట్టి, ఒకే పట్టీలోంచి తీసిన రెసిస్టర్లని మల్టీమీటర్‌తో కొలిచి, కలిసిన రెండింటిని ముందే ఏరుకోవడం మేలు.

ఎత్తు చెదరదన్నది సైన్ వేవ్‌కి ఇచ్చిన మాట, ఏ ఆకారానికైనా ఇచ్చింది కాదు. కిందా పైనా ఒక వోల్టుండే నెమ్మదైన స్క్వేర్ వేవ్ ఇచ్చి చూస్తే అవుట్‌పుట్ 3 వోల్టుల దాకా ఎగిరిపడుతుంది. ఇన్‌పుట్ పైకి దూకిన క్షణాన అవుట్‌పుట్ కిందికి దూకి, తర్వాత మెల్లగా పైకి వస్తుంది. ఇన్‌పుట్ హఠాత్తుగా మారితే కెపాసిటర్ ఆ క్షణానికి కదలదు, కాబట్టి జాయింటుకి అటువైపున్న అవుట్‌పుట్ ఎదురు దిక్కుకి పోతుంది. సప్లై వోల్టేజీ లెక్కవేసేటప్పుడు ఇది మరిచిపోకూడదు.

కరెంటు లైను ఫ్రీక్వెన్సీ కదలడం గురించి బెంగ అక్కర్లేదు. మన గ్రిడ్ కోడు పెట్టిన 49.90 నుంచి 50.05 హెర్ట్‌జ్ పరిధిలో కోణం డిగ్రీలో పదోవంతు మాత్రమే జరుగుతుంది. బెంగ పడాల్సింది ఆకారం గురించే. ఇంటి లైనులో సైన్ వేవ్ తల కాస్త చదునుగా ఉంటుంది, అంటే మూడో, ఐదో హార్మోనిక్‌లు కలిసి ఉంటాయి. నిజమైన వై ఫేజులో మూడో హార్మోనిక్ ఆర్ ఫేజులో ఉన్నచోటే ఉండాలి. ఆల్-పాస్ మాత్రం దాన్ని 158 డిగ్రీలు జరుపుతుంది. హార్మోనిక్‌ల ఎత్తులన్నీ ఉన్నవి ఉన్నట్టే దాటిస్తుంది కాబట్టి మీటరు ఏమీ చెప్పదు, కానీ వై ఫేజు ఆకారం మారిపోతుంది, సున్నా దాటే క్షణం పక్కకి జరుగుతుంది. ఫైరింగ్ బోర్డుకి కావాల్సింది ఆ క్షణమే. కాబట్టి ఫాలోయర్ ముందు ఒక 50 హెర్ట్‌జ్ బాండ్-పాస్ ఫిల్టర్ పెట్టాలి, లేదా లైనుని వదిలేసి శుభ్రమైన సైన్ ఆసిల్లేటర్‌తో నడపాలి. టీఎల్ 074లో నాలుగో ఆప్-ఆంప్ ఇంకా ఖాళీగానే ఉంది, ఆ ఫిల్టర్‌కి అది సరిపోతుంది.